కొత్త బ్యాటరీ వేసినా యూపీఎస్ రెండు నిమిషాలే: తప్పు ఛార్జర్‌దా, లోడ్‌దా, బ్యాటరీదా?

చీకటిగది

యూపీఎస్ 600 వీఏది, లోపల 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ ఒక్కటే ఉంటుంది. పాతది ఉబ్బిపోతే తీసేసి కొత్తది వేశాను, రాత్రంతా ఛార్జింగ్‌లో ఉంచాను. అయినా కరెంటు పోగానే రెండు నిమిషాలు బీప్ బీప్ మంటుంది, ఆ తర్వాత ఒక్కసారి గట్టిగా అరిచి ఆగిపోతుంది. పాత బ్యాటరీ బాగున్నన్నాళ్లూ పది నిమిషాలకు పైనే ఇచ్చేది. కంప్యూటర్ అదే, మానిటర్ అదే, కొత్తగా ఏమీ తగిలించలేదు. రిపేరు చేసే ఆయనకు చూపిస్తే మూత కూడా విప్పకుండా "బోర్డు పోయింది, కొత్తది కొనేసుకోండి" అన్నాడు. నా దగ్గర మల్టీమీటర్ ఉంది, వాడటం వచ్చు. దేన్ని ముందు కొలవాలో చెప్పండి, ఊరికే పారేయడం నాకిష్టం లేదు.

వీధిదీపం

బ్రో ఇందులో కొలవడానికేం లేదు, లోడ్ ఎక్కువైంది. 600 వీఏ అంటే చాలావాటిల్లో 360 వాట్లే. మీ కంప్యూటర్ సప్లై మీద ఎంత రాసుందో చూడండి, 450 అని ఉంటే అక్కడే దొరికిపోయింది.

చీకటిగది

450 అనే ఉంది. కానీ పాత బ్యాటరీతో ఇదే సప్లై నడిచిందిగా?

రాగితీగ

సప్లై మీద రాసేది అది ఇవ్వగలిగిన గరిష్ఠం, గోడలోంచి లాగేది కాదు. మామూలు ఆఫీసు పని చేసే కంప్యూటర్, మానిటర్ కలిపి చాలావరకు 100 నుంచి 150 వాట్ల మధ్యే ఉంటాయి. పైగా నిజంగా ఓవర్‌లోడ్ అయితే రెండు నిమిషాలు ఓపిక పట్టదు, మారిన వెంటనే కొన్ని సెకన్లలోనే ట్రిప్ అవుతుంది. కాబట్టి 450 సంగతి పక్కన పెట్టండి. ప్లగ్‌లో పెట్టే వాట్‌మీటర్ ఎవరి దగ్గరైనా ఉంటే ఒకసారి అరువు తెచ్చుకుని అసలు లోడ్ ఎంతో చూడండి, అది తెలియకపోతే "తక్కువ బ్యాకప్" అనే మాటకు అర్థం లేదు.

చీకటిగది గారూ, మిగతాది ఒకే ఒక్క కొలత మీద ఆధారపడి ఉంది. యూపీఎస్ ఆగిపోయే ఆ క్షణంలో బ్యాటరీ కొనల దగ్గర ఎన్ని వోల్టులు ఉన్నాయి? 10.5 దగ్గరకు దిగి ఆగితే బ్యాటరీలో నిజంగానే సరుకు లేదు. అప్పుడు అది బ్యాటరీ తప్పా, సరిగ్గా నింపని ఛార్జర్ తప్పా అని వెతకాలి. అలా కాకుండా 11.5 పైన ఉండగానే ఆగిందంటే బ్యాటరీలో ఇంకా ఉంది, యూపీఎస్‌కు అది అందడం లేదు. ఈ రెండు దారులూ వేరువేరు. ఆ సంఖ్య లేకుండా ఎవరు ఏం చెప్పినా ఊహే.

తులసికోట

మా ఇంట్లోనూ ఇదే బాధండి. కొత్త ట్యూబులర్ బ్యాటరీ, 150 ఏహెచ్, ఫ్యాన్లు వేస్తే గంట కూడా రావడం లేదు. మెకానిక్ డిస్టిల్డ్ వాటర్ పోస్తే కాస్త నయమైంది. మీరూ నీళ్ల మట్టం చూసుకోండి.

రాగితీగ

తులసికోట గారూ, మీది ఇంటి ఇన్వర్టర్. ఈయన బ్యాటరీ సీల్ చేసినది, నీళ్లు పోయడానికి మూతలే ఉండవు. పైన ఉన్న ప్లాస్టిక్ పట్టీ ఊడదీసి నీళ్లు పోసే ప్రయోగాలు చేయకండి చీకటిగది గారూ. తులసికోట గారు మీ సంగతి వేరే చర్చగా పెట్టండి, 150 ఏహెచ్‌కి ఛార్జింగ్ కరెంటు ఎంత ఇస్తోందన్నది అక్కడ అసలు ప్రశ్న.

పాతమీటర్

కొలిచే ముందు ఒక మాట. చిన్న యూపీఎస్‌లలో కొన్నింటికి బ్యాటరీ తీగలకూ మెయిన్స్‌కూ మధ్య అడ్డు ఉండదు. 12 వోల్టులే కదా అని వేలు పెడితే కొట్టేది 230. ప్లగ్ తీసేసి, యూపీఎస్ ఆపేసి, మొసలి క్లిప్పులు బ్యాటరీకి తగిలించి, బట్టబయలు లోహం కనపడకుండా చూసుకుని, ఆ తర్వాత ప్లగ్ పెట్టండి. పని జరుగుతున్నంతసేపు చేతులు దూరంగా ఉంచి మీటర్‌ను మాత్రమే చూడండి. ఎర్ర తీగ మీటర్‌లో వోల్టుల గుంటలోనే ఉందో లేదో రెండుసార్లు చూసుకోండి, 10 ఆంపియర్ల గుంటలో మర్చిపోయి బ్యాటరీకి తగిలిస్తే అది నేరుగా షార్ట్. ఉంగరం, గడియారం తీసేయండి.

వీధిదీపం

ఇంత హంగామా ఎందుకు? కంప్యూటర్ తీసేసి రౌటర్ ఒక్కటే పెట్టి నడపండి. గంట పైన నడిస్తే బ్యాటరీ బాగున్నట్టు, తప్పు లోడ్‌దని తేలిపోతుంది. నేను ఎప్పుడూ ఇలాగే చూస్తాను.

చీకటిగది

రౌటర్ పరీక్ష నిన్న సాయంత్రమే చేశాను వీధిదీపం. గంటన్నర దాటింది, విసుగొచ్చి నేనే ఆపేశాను. అయితే లోడే అంటారా? వాట్‌మీటర్ ఆఫీసులో దొరికింది, కంప్యూటర్ మానిటర్ కలిపి 140 వాట్లు చూపిస్తోంది, అటూ ఇటూ ఐదు.

రాగితీగ

రౌటర్ పరీక్ష ఒక్క సంగతి చెబుతుంది, బ్యాటరీ పూర్తిగా చచ్చిపోలేదని. అంతకంటే ఏమీ చెప్పదు. రౌటర్ 15 వాట్లు, యూపీఎస్ తన సొంతానికి తినేది ఇంకో పది పదిహేను, అంటే బ్యాటరీ మీద రెండున్నర ఆంపియర్లు. మీ కంప్యూటర్ 140 వాట్లంటే, మార్పిడిలో పోయేది కలుపుకుని బ్యాటరీ నుంచి 175 దాకా లాగుతుంది, అంటే 15 నుంచి 17 ఆంపియర్లు. తీగలోనో కనెక్టర్‌లోనో ఎక్కడైనా కాస్త అడ్డు ఉంటే రెండున్నర ఆంపియర్ల దగ్గర అది కంటికి ఆనదు. 17 దగ్గర మాత్రం వోల్టు పైన మింగేస్తుంది. లోపల నిరోధం పెరిగిన బ్యాటరీ కూడా ఇలాగే మోసం చేస్తుంది, చిన్న లోడ్‌కి మంచిగా నటిస్తుంది. కాబట్టి "రౌటర్‌తో బాగుంది, కంప్యూటర్‌తో బాగాలేదు, కనుక లోడ్ తప్పు" అనే తీర్పు కుదరదు.

మంచి 7 ఏహెచ్ బ్యాటరీ 175 వాట్ల దగ్గర ఎంతసేపు ఇస్తుందో తయారీదారుల పట్టికల్లో ఉంటుంది, సుమారు 12 నిమిషాలు. 12 వోల్టులు ఇంటూ 7 అంటే 84 వాట్‌అవర్లు, 175తో భాగిస్తే అరగంట రావాలిగా అని లెక్కేస్తారు చాలామంది. ఆ 7 ఏహెచ్ అన్నది 20 గంటలు మెల్లగా తీస్తే వచ్చే లెక్క. ఒక్కసారిగా 15 ఆంపియర్లు లాగితే సగం కూడా చేతికి రాదు. మీకు పాత బ్యాటరీతో పది నిమిషాల పైన వచ్చిందంటే అది సరైన సంఖ్యే. కొత్తదానితో రెండు రావడం మాత్రం కచ్చితంగా రోగమే.

నిద్రలేనిరాత్రి

మధ్యలో దూరుతున్నా. నాది యూఎస్‌బీ ఉన్న యూపీఎస్, దీనికీ కొత్త బ్యాటరీయే. నిమిషం లోపే సర్వర్ షట్‌డౌన్ అయిపోతోంది. `upsc` కొడితే ఇలా వస్తోంది:

```
battery.charge: 100
battery.runtime: 170
battery.runtime.low: 120
```

బ్యాటరీ 100 అంటోంది, మళ్లీ 170 సెకన్లే అంటోంది. ఇదీ కనెక్టరేనా?

రాగితీగ

నీది వేరే కథ. నీ యూపీఎస్ ఆగడం లేదు, అది "అయిపోవచ్చింది" అని చెబితే సాఫ్ట్‌వేర్ సర్వర్‌ను ఆపేస్తోంది. పాత బ్యాటరీ చచ్చిపోయే రోజుల్లో నేర్చుకున్న అంచనా దాని బుర్రలో అలాగే ఉంది, 120కి దిగగానే లో బ్యాటరీ అంటోంది. పూర్తిగా ఛార్జ్ చేసి, సర్వర్‌ను వేరే ప్లగ్‌కి మార్చి, పావు వంతు లోడ్ పైన ఏదైనా స్థిరంగా లాగే వస్తువు పెట్టి రన్‌టైమ్ కాలిబ్రేషన్ చేయించు. మీ మోడల్‌కి ఆ సదుపాయం ఉందో లేదో మాన్యువల్‌లో చూసుకో. ఆ తర్వాత కూడా 170 అంటే అప్పుడు బ్యాటరీని అనుమానించు.

చీకటిగది గారూ మీ సంగతి, ముందు స్పష్టం చేయండి. ఆగేది యూపీఎస్సేనా, కంప్యూటర్ మాత్రమేనా?

చీకటిగది

యూపీఎస్సే. లైటు కూడా ఆరిపోతుంది. నాదానికి యూఎస్‌బీ లేదు.

కొలతలు తీసుకున్నాను, పాతమీటర్ చెప్పినట్టే క్లిప్పులు పెట్టి. మెయిన్స్‌లో ఉన్నప్పుడు బ్యాటరీ దగ్గర 13.6. ప్లగ్ తీయగానే 12.1కి పడింది, అక్కడి నుంచి మెల్లగా దిగుతూ 11.7 దగ్గర యూపీఎస్ ఆగిపోయింది. ఆగిన వెంటనే మళ్లీ 12.5కి ఎక్కి కూర్చుంది. అంటే బ్యాటరీలో ఉందనే కదా?

రాగితీగ

ఉంది. 11.7 దగ్గర ఏ చిన్న యూపీఎస్సూ బ్యాటరీ అయిపోయిందని ఆగదు, ఆగేది 10, 10.5 దగ్గర. అంటే బోర్డుకు కనపడుతున్న వోల్టేజీ వేరు, బ్యాటరీ దగ్గరున్నది వేరు. ఇప్పుడు ఇంకో కొలత. ఒక క్లిప్పు బ్యాటరీ ప్లస్ కొన మీద, రెండోది అదే ఎర్ర తీగ బోర్డు మీద అతికిన చోట. ఈ రెంటి మధ్య లోడ్ మీద సున్నాకి దగ్గరగా ఉండాలి. తర్వాత నల్ల తీగకూ అంతే. మళ్లీ చెబుతున్నా, క్లిప్పులు పెట్టేటప్పుడు ప్లగ్ తీసి ఉండాలి, బోర్డు మీద పెద్ద కెపాసిటర్లలో నిలిచిన ఛార్జ్ దిగిపోవడానికి కాస్త సమయం ఇవ్వండి.

ఇంకోటి, 13.6 ఉందని ఛార్జర్‌కు అప్పుడే సర్టిఫికెట్ ఇవ్వకండి.

పాతమీటర్

అదే చెప్పబోతున్నా. 13.5 నుంచి 13.8 మధ్య ఉండటం మంచిదే, కానీ ఒక్కసారి చూసిన వోల్టేజీ సగమే చెబుతుంది. బ్యాటరీ ఖాళీ అయ్యాక మెయిన్స్ రాగానే మీటర్ పెట్టి, అది ఎలా ఎక్కుతోందో అప్పుడప్పుడూ చూడండి. ఆరోగ్యంగా ఉన్న జంట అయితే 12.6 చుట్టుపక్కల మొదలై గంటల తరబడి నెమ్మదిగా ఎక్కుతుంది, ఈ యూపీఎస్‌ల ఛార్జర్లు ఇచ్చేదే ఆంపియర్‌కి అటూ ఇటూ. కరెంటు వచ్చిన నాలుగైదు నిమిషాలకే 13.7కి ఎగబాకితే బ్యాటరీ ఛార్జ్ తీసుకోవడం లేదు. గంటలు గడిచినా 12.7 దగ్గరే నిలబడితే ఛార్జర్ ఇవ్వడం లేదు. ఆంపియర్ మీటర్ సిరీస్‌లో పెట్టే గొడవ లేకుండానే తేలిపోతుంది. సిరీస్‌లో పెట్టి ఉండగా పొరపాటున కరెంటు పోతే 17 ఆంపియర్లు మీటర్ గుండా పోతాయి, ఫ్యూజు గోవిందా.

నేను చూసిన ఒక యూపీఎస్‌లో ఛార్జర్ వోల్టేజీ రాత్రంతా 12.9 దాటలేదు. దానికి ఏ బ్యాటరీ వేసినా మూడు వంతులే నిండేది. బ్యాటరీలు మార్చుకుంటూ పోయారు పాపం.

వీధిదీపం

సరే అన్నీ వింటున్నా కానీ, తీగల్లో అడ్డు అయితే పాత బ్యాటరీతో ఎందుకు రాలేదు? అవే తీగలు, అదే బోర్డు. మారింది బ్యాటరీ ఒక్కటే. కాబట్టి తప్పు బ్యాటరీదే. నాకైతే 9 ఏహెచ్‌ది వేసి పారేస్తే పీడా పోతుందనిపిస్తోంది.

రాగితీగ

మంచి ప్రశ్నే వేశావు. మారింది బ్యాటరీ ఒక్కటే కాదు, బ్యాటరీ, దానికి తగిలించిన ఆ జాయింటూ రెండూ మారాయి. చీకటిగది గారూ, పాత బ్యాటరీ కొన రేకు ఎంత వెడల్పు, కొత్తదాని రేకు ఎంత? ఈ సైజు బ్యాటరీలు రెండు రకాల రేకులతో వస్తాయి, 4.8 మిల్లీమీటర్లవి, 6.3వి.

9 ఏహెచ్ వేస్తే జాయింటు దగ్గర పడే వోల్టు తగ్గదు. రెండు నిమిషాలు రెండున్నర అవుతాయేమో.

చీకటిగది

స్కేలు పెట్టి చూశాను. పాతదానిది వెడల్పు రేకు, ఆరు మిల్లీమీటర్లకు పైన. కొత్తదానిది ఐదు కూడా లేదు. వేసేటప్పుడు తీగ చివరి క్లిప్పు వదులుగా ఉంటే కటింగ్ ప్లేయర్‌తో కాస్త నొక్కి పెట్టాను, గట్టిగానే అనిపించింది.

లోడ్ మీద కొలిచాను. ఎర్ర తీగ మొత్తం మీద 1.1 వోల్టులు, నల్లదాని మీద 0.3. బోర్డు దగ్గర యూపీఎస్ ఆగే ముందు 10.3 ఉంది. ఆపేసి ప్లగ్ తీసి ఎర్ర క్లిప్పు తొడుగు వెనక్కి లాగి చూస్తే ప్లాస్టిక్ లోపలివైపు గోధుమ రంగుకు తిరిగి, అంచు మెత్తబడి ఉంది. క్లిప్పు లోపల ఒక మూల మాత్రమే రేకును తాకుతున్నట్టు గీత పడింది, మిగతాదంతా నల్లగా ఉంది.

పాతమీటర్

1.1 వోల్టులు, 17 ఆంపియర్లు. ఆ చిన్న క్లిప్పులో 19 వాట్లు వేడిగా మారుతున్నాయి. సోల్డరింగ్ ఐరన్ పెట్టినట్టే. ఇక వాడకండి ఆ క్లిప్పు.

రాగితీగ

మళ్లీ నొక్కి బిగించకండి. వేడెక్కిన క్లిప్పుకు స్ప్రింగు గుణం పోతుంది, రెండు వారాల్లో మళ్లీ వదులవుతుంది. తీగ చివర నల్లబడిన రాగి ఉంటే మెరిసే రాగి వచ్చేదాకా కత్తిరించి, కొత్త రేకుకు సరిపడే 4.8 క్లిప్పు క్రింపింగ్ ప్లేయర్‌తో ఒత్తండి. తీగ మందంగా ఉంటుంది కాబట్టి ఆ మందానికి పట్టే క్లిప్పే తీసుకోవాలి. దొరక్కపోతే బ్యాటరీనే వెడల్పు రేకు ఉన్నదానితో మార్పించుకోండి, నిజానికి అదే మేలు, 17 ఆంపియర్లకు సన్న రేకు నాకెప్పుడూ నచ్చదు. బ్యాటరీ రేకుకు నేరుగా టంకం మాత్రం పెట్టకండి, ఆ వేడికి లోపలి సీల్ పాడవుతుంది.

వీధిదీపం

మరి రిపేరాయన బోర్డు పోయింది అన్నాడుగా, ఆయన బోర్డు మార్చినా ఇదే క్లిప్పు తగిలించేవాడు 😀

చీకటిగది

4.8 క్లిప్పులు రెండూ కొత్తవి వేశాను. ఇప్పుడు ఎర్ర తీగ మీద 0.1, నల్లదాని మీద అంతకంటే తక్కువ. రాత్రంతా ఛార్జ్ అయ్యాక అదే 140 వాట్లతో నడిపితే తొమ్మిది నిమిషాలు వచ్చింది. ఈసారి బ్యాటరీ దగ్గర 10.5 దాకా దిగాకే ఆగింది. సంతోషమే కానీ పన్నెండు అన్నారుగా? పాతమీటర్ చెప్పినట్టు ఎక్కడం కూడా చూశాను, 12.6లో మొదలై గంటల మీద ఎక్కింది, చివరికి 13.6.

రాగితీగ

ఇప్పుడు 10.5 దగ్గర ఆగింది కాబట్టి మొదటి దారికి వచ్చాం, బ్యాటరీలో ఉన్నదంతా తీసుకునే ఆగుతోంది. జాయింటు రోగం పోయింది. ఛార్జర్ ఎక్కించే తీరు కూడా బాగుంది. మిగిలింది బ్యాటరీ సత్తా. దాన్ని యూపీఎస్ నుంచి పూర్తిగా విడదీసి చూడండి, అప్పుడు మార్పిడి నష్టాలు, బోర్డు ఏవీ మధ్యలో ఉండవు. పూర్తిగా ఛార్జ్ చేసి, విప్పి, రెండు మూడు గంటలు ఊరికే ఉంచితే 12.8 పైన నిలవాలి. తర్వాత కారు హెడ్‌లైట్ బల్బు, 12 వోల్టుల 55 వాట్లది, నేరుగా తగిలించి గడియారం చూడండి. నాలుగున్నర ఆంపియర్లు లాగుతుంది. మంచి 7 ఏహెచ్ అయితే 10.5కి దిగడానికి ఒక గంట, దానికి కాస్త తక్కువ పట్టాలి. 10.5 రాగానే తీసేయండి, అంతకంటే దింపితే బ్యాటరీకే దెబ్బ. బల్బు చేయి కాలేంత వేడెక్కుతుంది, పేపర్ల మీద పెట్టకండి. అయిపోగానే మళ్లీ ఛార్జింగ్‌కి.

చీకటిగది

వదిలేస్తే 12.85 ఉంది. బల్బు నలభై నిమిషాలు వెలిగింది.

రాగితీగ

అయితే 70 శాతం చుట్టూ ఉంది. కొత్త బ్యాటరీకి అది తక్కువ. తొమ్మిది నిమిషాలకు లెక్క కూడా సరిపోతోంది. షాపులో చాలాకాలం ఛార్జ్ లేకుండా పడున్న సరుకు అని నా అనుమానం. వీటికి వాడకపోయినా నెలకు కొంత కారిపోతుంది, ఆరు నెలలకోసారి ఛార్జ్ చేయకుండా ఉంచితే ప్లేట్ల మీద గట్టిపడిన సల్ఫేటు మళ్లీ పూర్తిగా కరగదు.

పాతమీటర్

నేను అంత తొందరపడను. కొత్త బ్యాటరీలు మొదటి కొన్ని సైకిళ్లలో కాస్త పుంజుకుంటాయి. పైగా రాత్రి మాత్రమే ఛార్జ్ అయింది, 13.6 చివరికి వచ్చిందంటే చివరి పది శాతం ఇంకా నిండుతూ ఉండొచ్చు. రెండు రోజులు మెయిన్స్‌లో కదపకుండా ఉంచి మళ్లీ బల్బు పరీక్ష చేస్తే తప్ప షాపువాడి మీదికి వెళ్లకూడదు.

రాగితీగ

పుంజుకుంటాయి, కాదనను, కానీ 70 నుంచి 100కి ఎక్కడం నేను చూడలేదు. రెండోసారి పరీక్ష చేయడం మంచిదే. వారంటీ తేదీ దాటకుండా చూసుకోండి, అంతే.

నిద్రలేనిరాత్రి

నాది కాలిబ్రేషన్ చేశాక 170 కాస్తా 640 అయింది. రాగితీగ అన్నా థాంక్స్.

వీధిదీపం

బల్బు నిజంగా 55 వాట్లే లాగుతోందని ఎవరు చూశారు? కొన్ని బల్బుల మీద 55 అని రాసి 70 లాగుతాయి. అలాంటిదైతే మీ 70 శాతం లెక్క తప్పినట్టే.

పాతమీటర్

ఈ మాట మాత్రం నిజం. బల్బు కరెంటు కొలవండి, ఇక్కడ 10 ఆంపియర్ల గుంట వాడొచ్చు, బ్యాటరీ విడిగా ఉంది, యూపీఎస్ మధ్యలో లేదు కాబట్టి.

చీకటిగది

బల్బు కరెంటు మొదట్లో 4.7 చూపించింది, చివర్లో 4.3. కాబట్టి లెక్క పెద్దగా మారదనుకుంటా. బ్యాటరీ పక్కన అచ్చు వేసిన కోడ్ ఒకటి ఉంది, షాపతను అది ఈ ఏడాదిదే అంటున్నాడు, ఆ అంకెల్ని నేను ఎలా చదివినా పోయిన ఏడాదిదిలా ఉంది. రెండు రోజులు ఛార్జ్‌లో పెట్టాను, ఆదివారం మళ్లీ బల్బు వెలిగిస్తా. అప్పటికీ నలభై దగ్గరే ఉంటే వెడల్పు రేకుదానితో మార్చమని అడుగుతా, ఇప్పుడు కొత్తగా వేసిన క్లిప్పులు మళ్లీ మార్చాల్సి వచ్చినా సరే.